సరైన అంకె తెలియనప్పుడు ఫారంలో ఏం రాయాలి? నెల ఖర్చు, భూమి విస్తీర్ణం గడులు నింపే పద్ధతి

స్కాలర్‌షిప్ దరఖాస్తు కావచ్చు, బ్యాంకు లోను ఫారం కావచ్చు, ఇంటికి వచ్చిన సర్వే కావచ్చు. పేరు, ఊరు, ఆధార్ నంబరు వరకు చకచకా నింపేస్తారు. "కుటుంబ నెలసరి ఖర్చు", "భూమి విస్తీర్ణం" అనే రెండు గడుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. "మాకు ఉజ్జాయింపుగానే తెలుసు. సుమారు అని రాద్దామంటే ఫారం ఒప్పుకోవడం లేదు. ఏదో ఒక అంకె వేసేస్తే తర్వాత ఇబ్బంది అవుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. పైకి రెండూ అంకెల గడులే అయినా, వాటికి సమాధానం వచ్చే దారులు వేరు. నెల ఖర్చు ఏ కాగితం మీదా రాసి ఉండదు. కాబట్టి జాగ్రత్తగా వేసిన అంచనాయే దానికి సరైన సమాధానం. భూమి విస్తీర్ణం మాత్రం రికార్డులో రాసి ఉంది. అక్కడ మన అంచనా, అది ఎంత దగ్గరగా ఉన్నా సరే, తప్పు సమాధానమే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఖర్చు దగ్గర గంటసేపు టెన్షన్ పడి, భూమి దగ్గర "రెండున్నర ఎకరాలు ఉంటుందిలే" అని వేసేస్తారు. దరఖాస్తు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఆ రెండో గడి వల్లే.

దగ్గర పెట్టుకోవలసినవి

- పట్టాదారు పాస్‌బుక్, లేదా ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1-బి నకలు, తెలంగాణలో అయితే పహాణీ నకలు
- ఆదాయ ధ్రువపత్రం, ఫారం అడిగితే
- ఈ మధ్య వచ్చిన కరెంటు బిల్లు, స్కూలు ఫీజు రసీదులు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు
- మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, లేదా ఫోన్‌లో యూపీఐ చెల్లింపుల జాబితా
- ఒక తెల్ల కాగితం, క్యాలిక్యులేటర్
- ఇంట్లో సరుకులు తెచ్చే మనిషి. ఫారం నింపేది కాలేజీకి వెళ్ళే పిల్లలైతే ఇది తప్పనిసరి. సంతలో కూరగాయలకు ఎంతవుతుందో అమ్మకు తెలిసినట్టు ఫారం నింపేవాళ్ళకు తెలియదు.

1. ముందు గడి చుట్టూ రాసి ఉన్నదంతా చదవండి

అంకె గురించి ఆలోచించే ముందు మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఏ యూనిట్‌లో అడిగారు: ఎకరాలా, హెక్టార్లా, రూపాయలా, లక్షల్లో రూపాయలా? ఏ కాలానికి అడిగారు: నెలకా, ఏడాదికా? ఎవరి లెక్క అడిగారు: మీ ఒక్కరిదా, కుటుంబానిదా?

యూనిట్ ఒక్కోసారి గడి పక్కన ఉండదు. పట్టిక పైన చిన్న అక్షరాల్లో "రూ. లక్షల్లో" అని ఉంటుంది. అలాంటి చోట రెండున్నర లక్షలకు 250000 అని కొడితే అది రెండున్నర లక్షల లక్షలు అవుతుంది. అక్కడ రాయాల్సింది 2.5. యూనిట్ ఎక్కడా కనపడకపోతే ఊహించకండి. ఫారంతో వచ్చిన సూచనల పేజీ చూడండి, అందులోనూ లేకపోతే వాళ్ళిచ్చిన నంబరుకు ఫోన్ చేసి అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు. యూనిట్ రాయని ఫారం తయారుచేసినవాళ్ళదే ఆ తప్పు.

2. భూమి: పాస్‌బుక్‌లోని చుక్కను సరిగ్గా చదవండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. మన రెండు రాష్ట్రాల వాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరానికి 100 సెంట్లు. రెండు చోట్లా కాగితం మీద ఎకరాల తర్వాత చుక్క పెట్టి మిగతాది రాస్తారు. ఆంధ్రలో 2.27 అంటే 2 ఎకరాల 27 సెంట్లు. వందలో 27 కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టుగా 2.27 ఎకరాలు అని ఫారంలో వేయొచ్చు. తెలంగాణలో 2.27 అంటే 2 ఎకరాల 27 గుంటలు. అది 2.27 ఎకరాలు కాదు. 27ను 40తో భాగిస్తే 0.675 వస్తుంది, అంటే అసలు విస్తీర్ణం 2.675 ఎకరాలు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూద్దాం. జనగామ వైపు ఒక కుటుంబం అనుకోండి. పాస్‌బుక్‌లో రెండు సర్వే నంబర్లు ఉన్నాయి. ఒకదానిలో 1.30, ఇంకోదానిలో 0.37. క్యాలిక్యులేటర్‌లో కూడితే 1.67 వస్తుంది. ఈ అంకె చూడగానే అనుమానం రావాలి. ఎకరానికి 40 గుంటలే అయినప్పుడు 67 గుంటలు ఎలా మిగులుతాయి? గుంటలు విడిగా కూడాలి. 30, 37 కలిస్తే 67 గుంటలు. అందులో 40 గుంటలు ఒక ఎకరం, మిగిలినవి 27. ముందున్న ఒక ఎకరంతో కలిపితే 2 ఎకరాల 27 గుంటలు. ఫారం ఎకరాల్లో దశాంశం అడిగితే 2.675, రెండు స్థానాలే ఒప్పుకుంటే 2.68. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా ఇచ్చి ఉంటే 2, 27 అని వేయాలి.

ఫారం హెక్టార్లలో అడిగితే ఎకరాలను 2.471తో భాగించండి. 2.675ను భాగిస్తే 1.08 హెక్టార్లు. అదే 2.27 అనుకుని భాగించి ఉంటే 0.92 వచ్చేది. చూడటానికి చిన్న తేడాలా ఉన్నా, ఇక్కడ రైతు కోవకే ఎసరు పెడుతుంది. ఒక హెక్టారు లోపు ఉంటే సన్నకారు రైతు, ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య ఉంటే చిన్నకారు రైతు. చుక్కను తప్పు చదివినందుకు ఈ కుటుంబం చిన్నకారు నుంచి సన్నకారులోకి వెళ్ళిపోతుంది. తర్వాత పాస్‌బుక్ నకలు పక్కన పెట్టి చూసినవాళ్ళకు అది తప్పుడు సమాచారంలా కనిపిస్తుంది.

మీ కాగితంలో ఉన్నవి గుంటలా సెంట్లా అని అనుమానం వస్తే చుక్క తర్వాత ఉన్న అంకె చూడండి. అది 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అవి గుంటలు కావు. 39 లోపే ఉంటే మాత్రం ఆ అంకెను బట్టి తేల్చలేం, గడి శీర్షికలో "ఎ.గుం." అని ఉందో "ఎ.సెం." అని ఉందో చూడాలి. రెండు రాష్ట్రాల సరిహద్దు ఊళ్ళ వాళ్ళు, అటూ ఇటూ భూములున్నవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఒక్కో కాగితాన్నీ విడిగా ఎకరాల దశాంశంలోకి మార్చి, ఆ తర్వాతే కూడండి.

సరిచూసుకోవడానికి ఈ లెక్కలు కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు:

- 1 ఎకరం = 40 గుంటలు = 100 సెంట్లు = 4,840 చదరపు గజాలు
- 1 గుంట = 121 చదరపు గజాలు = 2.5 సెంట్లు
- 1 సెంటు = 48.4 చదరపు గజాలు
- 1 హెక్టారు = 2.471 ఎకరాలు
- 1 చదరపు గజం = 9 చదరపు అడుగులు

మరో జాగ్రత్త. సొంత భూమి వేరు, సాగు చేసే భూమి వేరు. పైన చెప్పిన కుటుంబమే పక్కవాళ్ళ దగ్గర ఎకరం 20 గుంటలు కౌలుకు తీసుకుంది అనుకుందాం. "మీకున్న భూమి" అని అడిగితే 2.675 ఎకరాలే. "సాగు చేస్తున్న భూమి" అని అడిగితే 2.675కు 1.5 కలిపి 4.175 ఎకరాలు. వాళ్ళ భూమిలో కొంత బీడు వదిలేసి ఉంటే, "ఈ సీజన్‌లో వేసిన విస్తీర్ణం" అన్న గడిలో ఆ బీడు రాకూడదు. ఇంటి స్థలం వ్యవసాయ భూమిలోకి రాదు. పొలం లేకుండా 200 గజాల ఇల్లు మాత్రమే ఉంటే వ్యవసాయ భూమి గడిలో 0 అని వేయాలి.

భూమి ఇంకా తాతగారి పేరు మీదే ఉండి, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని దున్నుకుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. "దరఖాస్తుదారు పేరు మీద ఉన్న భూమి" అని స్పష్టంగా ఉంటే రికార్డులో మీ పేరు మీద ఎంత ఉందో అంతే రాయాలి, ఏమీ లేకపోతే 0. "కుటుంబానికి ఉన్న భూమి" అని ఉంటే మీ వాటా రాసి, వివరాల గడిలో "తాతగారి పేరు మీద ఉమ్మడి పట్టా, మా వాటా ఇంత" అని ఒక్క వాక్యం చేర్చండి. వివరాల గడి లేకపోతే ఆ వాక్యం రాసిన కాగితాన్ని జత చేసే పత్రాలతో పెట్టండి.

3. భూమి కాగితం చేతిలో లేకపోతే

పాస్‌బుక్ బ్యాంకులో తాకట్టులో ఉండొచ్చు, ఊళ్ళో ఉండిపోవచ్చు. ముందు ఆన్‌లైన్ రికార్డు చూడండి. ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు మీభూమి, తెలంగాణ వాళ్ళకు భూభారతి ఉన్నాయి. సర్వే నంబరు గుర్తులేకపోయినా ఊరు, ఖాతా నంబరు లాంటి వేరే వివరంతో వెతకొచ్చు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి పాస్‌బుక్ పేజీని ఫొటో తీసి పంపమనడం అంతకంటే తేలిక. "ఎంత ఉందో చెప్పు నాన్నా" అని అడగకండి, ఫొటోనే అడగండి. నోటితో చెప్పేటప్పుడు ఎవరైనా "రెండున్నర పైచిలుకు" అనే అంటారు.

రికార్డుతో పోల్చని సర్వేలో అయితే, కాగితం ఎంతకీ దొరకనప్పుడు కొలిచి రాయొచ్చు. ఫోన్‌లో జీపీఎస్‌తో గట్టు వెంట నడిచి కొలిచే యాప్‌లు ఉన్నాయి. పెద్ద కమతానికి పనికొస్తాయి కానీ చిన్న మడికి నమ్మకండి. ఎకరం చతురస్రంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. ఫోన్ పొడవులో 3 మీటర్లు, వెడల్పులో 3 మీటర్లు ఎక్కువ చూపిస్తే విస్తీర్ణం దాదాపు 10 శాతం పెరిగిపోతుంది. చిన్న మడికి టేపే మేలు. పొడవు, వెడల్పు గజాల్లో కొలిచి, హెచ్చవేసి, 4,840తో భాగించండి. మడి వంకరగా ఉంటే రెండు మూడు త్రిభుజాలుగా విడగొట్టండి. ఒక్కోదానికి ఒక పక్క పొడవునూ, ఎదురు మూల నుంచి ఆ పక్కకు నిటారుగా ఉన్న దూరాన్నీ హెచ్చవేసి సగం చేస్తే ఆ ముక్క విస్తీర్ణం వస్తుంది.

కొన్ని ప్రాంతాల్లో పెద్దవాళ్ళు కుంచాలు, పుట్లు అని లెక్క చెబుతారు. అవి ఊరిని బట్టి మారతాయి. పుస్తకంలో చూసి మార్చకండి. అదే ఊళ్ళో పాస్‌బుక్ ఉన్న ఒక పొలాన్ని తీసుకుని, అది ఎన్ని కుంచాలంటారో అడిగి, ఆ నిష్పత్తితో మీది లెక్కకట్టండి.

4. నెల ఖర్చు: ఒక్క అంకె అడగకండి, ముక్కలుగా అడగండి

"నెలకు ఎంతవుతుంది?" అని ఇంట్లో అడిగితే నోటికి వచ్చే అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అబద్ధం చెప్పి కాదు. నెలనెలా కళ్ళెదుట కనిపించే ఖర్చులే అప్పటికప్పుడు గుర్తొస్తాయి. స్కూలు ఫీజు, పండగ బట్టలు, ఆసుపత్రి లాంటివి ఏడాదికి రెండు మూడుసార్లు వస్తాయి కాబట్టి జారిపోతాయి.

జాతీయ గణాంక కార్యాలయం చేసే గృహ వినియోగ వ్యయ సర్వే కూడా ఇదే ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుంటుంది. 2022-23లో చేసిన సర్వేలో కూరగాయలు, పళ్ళు, గుడ్లు, చేపలు, మాంసం లాంటివాటికి గత 7 రోజుల లెక్క అడిగారు. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు లాంటివాటికి గత 365 రోజుల లెక్క అడిగారు. మిగతా చాలావాటికి 30 రోజులు. ఎంత కాలానికి గుర్తుంటుందో అంత కాలానికే అడిగి, తర్వాత నెలకు మారుస్తారు. ఇంట్లో మనమూ అదే చేద్దాం.

కాగితాన్ని మూడు భాగాలు చేయండి: వారం, నెల, ఏడాది. ఇందాకటి కుటుంబంలో నలుగురున్నారు అనుకుందాం. నోటిమాటగా అడిగితే "నెలకు పన్నెండు వేలు" అన్నారు. ముక్కలుగా అడిగితే ఇలా వచ్చింది.

వారం లెక్కవి:
- సంతలో కూరగాయలు 500 రూపాయలు
- మాంసం, చేపలు, గుడ్లు 450
- బండికి పెట్రోలు 400

మొత్తం 1,350. నెలకు నాలుగు వారాలే కదా అని 4తో హెచ్చవేయకండి. 30 రోజుల్లో 4 వారాల మీద రెండు రోజులు ఉంటాయి కాబట్టి 4.3తో హెచ్చవేయాలి. 5,805 వస్తుంది. నాలుగుతో చేస్తే 5,400 మాత్రమే వచ్చేది.

నెల లెక్కవి:
- కిరాణా 3,500
- పాలు రోజుకు 60 చొప్పున 1,800
- మందుల షాపు 600
- కరెంటు 450
- గ్యాస్ 600
- ఫోన్ రీఛార్జులు 614

ఇందులో చివరి రెండింటిని గమనించండి. గ్యాస్ సిలిండర్ 900 రూపాయలు, ఈ ఇంట్లో 45 రోజులు వస్తుంది. 900ను 45తో భాగించి 30తో హెచ్చవేస్తే నెలకు 600. రీఛార్జ్ 860 రూపాయలు, 84 రోజులకు, రెండు ఫోన్లు. 1,720ను 84తో భాగించి 30తో హెచ్చవేస్తే 614. సిలిండర్ తెచ్చిన నెలలో ఫారం నింపేవాళ్ళు 900 అనీ, తేని నెలలో నింపేవాళ్ళు సున్నా అనీ వేస్తుంటారు. రెండూ తప్పే. ఈ భాగం మొత్తం 7,564.

ఏడాది లెక్కవి:
- స్కూలు ఫీజులు, పుస్తకాలు 36,000
- బట్టలు, చెప్పులు, పండగలు 18,000
- ఆసుపత్రి 12,000
- ఇంటి మరమ్మతులు, శుభకార్యాల్లో చదివింపులు 12,000

మొత్తం 78,000. 12తో భాగిస్తే నెలకు 6,500.

మూడూ కలిపితే 5,805 + 7,564 + 6,500 = 19,869. నోటితో చెప్పిన పన్నెండు వేలకు, దీనికి దాదాపు ఎనిమిది వేలు తేడా ఉంది. అందులో ఎక్కువ భాగం ఏడాదికోసారి వచ్చేవే.

ఒక్కో ముక్కకు కూడా సరైన అంకె తెలియకపోవచ్చు. అప్పుడు తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని అడిగి మధ్య అంకె తీసుకోండి. సంతలో 400 నుంచి 600 దాకా అవుతుందంటే 500. పండగ వారాన్నో, చుట్టాలు వచ్చి వెళ్ళిన వారాన్నో పట్టుకుని లెక్కవేయకండి. మామూలు వారమే తీసుకోండి, పండగ ఖర్చు ఎలాగూ ఏడాది భాగంలోకి వస్తుంది.

ఇంటి ఖర్చులో కలపకూడనివి కూడా ఉన్నాయి. ఎరువులు, విత్తనాలు, కూలీలు, ట్రాక్టరు కిరాయి పంట పెట్టుబడి కిందికి వస్తాయి, ఇంటి ఖర్చు కాదు. షాపు నడిపేవాళ్ళకు షాపు అద్దె, సరుకు కూడా అంతే. చిట్టీ, పొదుపు సంఘంలో కట్టే పొదుపు, బంగారం కొనడం ఖర్చు కాదు, దాచుకోవడం. లోను వాయిదాలకు బ్యాంకు ఫారాల్లో సాధారణంగా విడిగా గడి ఉంటుంది. అక్కడా ఇక్కడా రెండు చోట్లా వేస్తే మీ ఖర్చు ఉన్నదానికంటే పెద్దదై, లోను కట్టగలిగే శక్తి తక్కువగా కనిపిస్తుంది. విడిగా గడి లేకపోతే మాత్రం వాయిదాను కలిపి, కలిపినట్టు వివరాల్లో రాయండి.

సొంత పొలంలో పండిన బియ్యం సంగతి చాలామంది అడుగుతారు. దానికి డబ్బు పెట్టలేదు కదా? "వినియోగం" లెక్క అడిగే సర్వేలో దానికీ విలువ కడతారు, అందుకే సర్వేకు వచ్చినవాళ్ళు ఎన్ని కిలోలు వండుతారని అడుగుతారు. వాళ్ళకు కిలోలు చెబితే చాలు. స్కాలర్‌షిప్, లోను ఫారాల్లో "ఖర్చు" అని మాత్రమే ఉంటే చేతి నుంచి వెళ్ళిన డబ్బే రాయండి. పై లెక్కలో నేను బియ్యం వేయనిది అందుకే.

5. గుండ్రం చేయడం ఎప్పుడు, ఎంతవరకు

19,869 అని రాయాలా, 20,000 అని రాయాలా? అంచనా గడిలో 20,000 అనే రాయమంటాను. ముక్కలన్నీ ఉజ్జాయింపులే అయినప్పుడు చివరి 69 రూపాయలకు అర్థం లేదు. పైగా అంత కచ్చితమైన అంకె చూస్తే బిల్లులు ఉన్నాయేమో అనుకుని అడుగుతారు.

కానీ రెండు చోట్ల గుండ్రం చేయకూడదు. మొదటిది, శ్లాబుల్లోంచి ఎంచుకోమన్నప్పుడు. "20,000 లోపు", "20,000 నుంచి 30,000" అని రెండు ఉంటే మీ అసలు అంకె 19,869 కాబట్టి మొదటిదే మీది. ముందే గుండ్రం చేసుకుంటే పై శ్లాబులోకి వెళ్ళిపోతారు. రెండోది, భూమికి పరిమితి ఉన్నప్పుడు. కేంద్రం ఇచ్చే ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ నిబంధనల ప్రకారం కుటుంబానికి 5 ఎకరాలు గానీ అంతకంటే ఎక్కువ గానీ వ్యవసాయ భూమి ఉంటే అర్హత ఉండదు. 4 ఎకరాల 38 గుంటలు ఉన్న కుటుంబానికి అసలు విస్తీర్ణం 4.95 ఎకరాలు. "అయిదు ఎకరాలు" అని ఊళ్ళో చెప్పుకున్నట్టే ఫారంలో రాస్తే చేతులారా అర్హత పోగొట్టుకున్నట్టే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పరిమితి చూసి, దానికి సరిపోయేలా అంకెను కిందికి లాగకండి. ఫారం చివర "పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం" అని మీరు సంతకం పెడుతున్నారు. జాగ్రత్తగా వేసిన అంచనా కాస్త అటూ ఇటూ అయితే ఆ మాటకు ఏమీ కాదు. తెలిసి మార్చిన అంకె ఆ వాక్యాన్ని అబద్ధం చేస్తుంది, తర్వాత వచ్చిన సాయాన్ని వెనక్కి కట్టించే పరిస్థితి కూడా రావచ్చు.

6. గడిలో కొట్టేటప్పుడు

అంకెల గడి అంకెలనే తీసుకుంటుంది. "సుమారు 20000", "18000-22000", "20 వేలు", "రూ.20,000/-" ఇవేవీ వెళ్ళవు. కామా లేకుండా 20000 అని కొట్టండి. సుమారు అని చెప్పాలనుకుంటే వివరాల గడిలో "నెల ఖర్చు అంచనా, వారం–నెల–ఏడాది ఖర్చుల నుంచి లెక్కించినది" అని రాయండి.

సున్నాకు, ఖాళీకి తేడా ఉంది. 0 అంటే మాకు లేదు అని. ఖాళీ అంటే చెప్పలేదు అని. తెలియదు కదా అని 0 కొట్టడం చాలా పెద్ద పొరపాటు. నెల ఖర్చు 0 అని వెళ్ళిన దరఖాస్తును ఎవరూ నమ్మరు.

కంప్యూటర్ మీద నింపేవాళ్ళు ఒకటి చూసుకోండి. కొన్ని ఫారాల్లో గడిలో అంకె కొట్టాక, కర్సర్ ఇంకా అక్కడే ఉండగా కిందికి వెళ్ళడానికి మౌస్ చక్రం తిప్పితే పేజీతో పాటు అంకె కూడా మారిపోతుంది. 20000 కాస్తా 19997 అవుతుంది. కొట్టగానే పక్కన ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేసి, ఆ తర్వాత పేజీ జరపండి.

7. పంపే ముందు సరిచూసుకోవడం

నెల ఖర్చును ఇంకో దారిలో లెక్కకట్టి పోల్చండి. మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి, యూపీఐలో పోయినవి, ఏటీఎంలో తీసినవి కూడండి. సొంత ఖాతాల మధ్య వేసుకున్నవి, పంట పెట్టుబడికి పోయినవి, ఎవరికైనా చేబదులు ఇచ్చినవి తీసేసి మూడుతో భాగించండి. ఆ మూడు నెలల్లో స్కూలు ఫీజు కట్టి ఉంటే దాన్నీ పక్కన పెట్టి, మీ కాగితంలోని ఏడాది భాగంతో సరిపెట్టండి. రెండు దారుల్లో వచ్చిన అంకెలు పదో వంతు తేడాలో ఉంటే మీ అంచనా బాగుంది. మూడో వంతు తేడా ఉంటే ఏదో జారిపోయింది. ఎక్కువగా అది చేతికి వచ్చిన నగదు: పాల డబ్బులో, కూలి డబ్బులో బ్యాంకుకు వెళ్ళకుండానే ఖర్చయిపోయి ఉంటాయి.

తర్వాత ఖర్చును ఆదాయంతో పోల్చండి. నెలకు 20,000 అంటే ఏడాదికి 2,40,000. ఆదాయ ధ్రువపత్రంలో 1,20,000 అని ఉంటే చూసేవాళ్ళు తప్పకుండా అడుగుతారు. అప్పుడు చాలామంది ఖర్చును 9,000కు తగ్గించేస్తారు. అలా చేయకండి. ఆదాయం గడిలో ధ్రువపత్రంలో ఉన్నదే రాయాలి, అది రికార్డు. ఖర్చు గడిలో మీ లెక్కే ఉండాలి. మధ్యలో తేడా ఎలా పూడుతోందో మీకు తెలిసి ఉండాలి: అన్న హైదరాబాద్ నుంచి నెలకు ఇంత పంపుతున్నాడు, ఫీజుకు అప్పు తెచ్చాం, అని. అది ఒక వాక్యంగా రాసి పెట్టండి. ధ్రువపత్రం తీసుకున్నాక ఆదాయం నిజంగానే పెరిగి ఉంటే కొత్త ధ్రువపత్రం తీసుకోవడమే దారి.

భూమికి సరిచూసుకోవడం తేలిక. మీరు కొట్టిన దశాంశాన్ని వెనక్కి తిప్పండి. 2.675లో 0.675ను 40తో హెచ్చవేస్తే 27 రావాలి. వచ్చిందంటే పాస్‌బుక్‌తో సరిపోయినట్టే. 2.68 అని కొట్టి ఉంటే 27.2 వస్తుంది, గుండ్రం చేయడం వల్ల వచ్చిన ఆ తేడాతో ఇబ్బంది లేదు. హెక్టార్ల అంకె ఎప్పుడూ ఎకరాల అంకెలో సగం కంటే తక్కువే ఉండాలి. ఎక్కువ ఉంటే భాగించాల్సిన చోట హెచ్చవేశారని అర్థం.

లెక్క వేసిన కాగితాన్ని పారేయకండి. తేదీ వేసి ఫొటో తీసి, దరఖాస్తు రసీదుతో పాటు దాచండి. రెండు మూడు నెలల తర్వాత విచారణకు ఎవరైనా వచ్చి "ఈ ఇరవై వేలు ఎలా వచ్చింది?" అని అడిగితే ఆ కాగితం చూపించి ఒక్కో ముక్కా చదవండి. అందులో ఏదైనా మారి ఉంటే, ఉదాహరణకు బాబు హాస్టల్‌కు వెళ్ళి పాల ఖర్చు తగ్గి ఉంటే, అప్పటి లెక్క అది, ఇప్పుడిది అని చెప్పండి. భూమి గడిలో గుంటల తప్పు దొర్లిందని పంపాక తెలిస్తే, గడువు లోపలే సవరణ అవకాశం ఉందేమో చూడండి. లేకపోతే దరఖాస్తు నంబరు వేసి, "పాస్‌బుక్ ప్రకారం 2 ఎకరాల 27 గుంటలు, అంటే 2.675 ఎకరాలు; పొరపాటున 2.27 అని నమోదైంది" అని రాసి, పాస్‌బుక్ నకలు జతచేసి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.